పండగ సీజన్ ప్రచారానికి క్యాలెండర్: మొదటి టీజర్ నుంచి పండగ తర్వాతి ఫోన్ దాకా

పండగ దగ్గరపడుతుంటే చిన్న షాపులు నడిపేవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఏ రోజు ఏ మెసేజ్ పెట్టాలి?" ప్రతిసారీ నేను చెప్పేదీ ఒకటే. మెసేజ్‌ల తేదీలు ఆఖర్న రాయండి. ముందు సరుకు చేతికొచ్చే రోజు, మీ పని ఇక చేయలేమని ఆపేసే రోజు, ఈ రెండూ రాయండి. అవి కుదిరితే మెసేజ్‌లు ఎక్కడ పడాలో చార్టు చూడగానే తెలిసిపోతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పోస్టర్ చేయించి, తర్వాత సరుకు గురించి టెన్షన్ పడతారు.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒక పిల్లల బట్టల షాపు అనుకుందాం. కౌంటర్లో ఇద్దరు, సైజులు సరిచేసే టైలర్ ఒకరు, ఫోన్‌లో 400 మంది కస్టమర్ల నంబర్లు. పండగ కోసం ప్రత్యేకంగా తెప్పిస్తున్నవి 240 జతలు. మీరు అమ్మేది వేరే సరుకైనా లెక్క ఇదే. అంకెలు మాత్రం మీవి పెట్టుకోండి.

కావలసినవి

- గోడకు అంటించే పెద్ద చార్టు, పెన్సిల్. ఫోన్‌లో రాసుకుంటే మీకొక్కరికే కనిపిస్తుంది. కౌంటర్లో ఉన్నవాళ్లకూ టైలర్‌కూ కూడా కనిపించాలి. పెన్సిల్ ఎందుకంటే తేదీలు తప్పకుండా మారతాయి.
- పోయిన పండగకు ముందు 6 వారాల, తర్వాత 2 వారాల బిల్లులు.
- మీ నుంచి మెసేజ్‌లు రావడానికి ఒప్పుకున్న కస్టమర్ల నంబర్లు. ఎక్కడో కొన్న లిస్టు వద్దు.
- ప్రతి సరుకుకూ కొన్న ధర.
- వాట్సాప్ బిజినెస్ ఉన్న ఫోన్.
- కౌంటర్ దగ్గర దారం కట్టి వేలాడదీసిన ఒక నోటుబుక్కు. దీని పని తర్వాత చెబుతాను.

1. పండగ రోజును సున్నా అనుకోండి

చార్టు మీద పండగ రోజు దగ్గర 0 వేయండి. అక్కడి నుంచి వెనక్కి 1, 2, 3 అంటూ 42 దాకా లెక్కపెట్టండి. ముందుకు 14 దాకా వేయండి. ఇకపై తేదీలతో కాదు, "పండగకు ఇంకా 16 రోజులు" అన్నట్టుగానే మాట్లాడుకోండి.

దీనికి కారణం ఉంది. చాలా పండగలు చంద్రుడి లెక్కన వస్తాయి, అందుకే ఏటా తేదీ జరుగుతుంది. పోయిన ఏడాది ఇదే తేదీన ఎంత అమ్మామో చూసి ఇప్పటి అమ్మకాన్ని దానితో పోలిస్తే, ఒకవైపు పండగ వారం, మరోవైపు మామూలు వారం ఉండొచ్చు. ఆ పోలిక చూసి కంగారుపడి ధర తగ్గించినవాళ్లను నేను చూశాను. పోయినసారి పండగకు 14 రోజుల ముందు ఎంత, ఈసారి 14 రోజుల ముందు ఎంత అనేదే సరైన పోలిక.

ఇప్పుడు పాత బిల్లులు తీయండి. మన షాపులో పోయిన పండగకు మొత్తం 200 జతలు అమ్ముడయ్యాయి అనుకుందాం. పండగకు 14 రోజుల ముందు నాటికి వాటిలో 36 పోయాయి, 7 రోజుల ముందు నాటికి 104, 3 రోజుల ముందు నాటికి 164. అంటే 18 శాతం, 52 శాతం, 82 శాతం. ఈసారి సరుకు 240 కాబట్టి అదే వేగంతో పోతే ఆ మూడు రోజుల్లో 43, 125, 197 దాటాలి. ఈ మూడు అంకెలనూ చార్టు మీద ఆయా రోజుల దగ్గర పెద్దగా రాయండి. సీజన్ మధ్యలో మీరు బాగున్నారా వెనకబడ్డారా అని చెప్పేవి ఇవే.

జీతాలు పడే రోజు, వారాంతాలు కూడా చార్టు మీద గుర్తుపెట్టండి. జీతాల రోజు ఈసారి పండగకు 20 రోజుల ముందు, పోయినసారి 6 రోజుల ముందు పడితే పాత శాతాలను గుడ్డిగా నమ్మకండి. కొనుగోళ్లు కొంత ముందుకు జరుగుతాయి.

పాత బిల్లులు లేకపోతే? ఈసారికి శాతాలు వదిలేయండి. రోజూ షాపు మూసేముందు ఆ రోజు పోయిన జతలు ఎన్నో చార్టు మీద రాయండి. వచ్చే పండగకు మీ దగ్గర సొంత లెక్క ఉంటుంది.

2. "ఇక తీసుకోలేం" అనే రోజులు రాయండి

ఎక్కువమంది మరిచిపోయే మెట్టు ఇది. మీ షాపులో అమ్మిన తర్వాత కూడా పని ఉంటే (సైజు సరిచేయడం, ఇంటికి పంపడం, బిగించడం, పేరు చెక్కడం, ఏదైనా సరే) ఆ పనికి ఆఖరి రోజు ఉంటుంది. అది లెక్కవేసి తెలుసుకోవాలి. మనసుకు తోచింది రాస్తే పండగ ముందు రాత్రి టైలర్ మిషన్ మీదే నిద్రపోవాల్సి వస్తుంది.

మన షాపులో చూద్దాం. 7 రోజుల ముందు నుంచి 3 రోజుల ముందు వరకు, అంటే 4 రోజుల్లో 125 నుంచి 197కు వెళ్లాలి. అది 72 జతలు, రోజుకు 18. సగం మందికి చేతులో నడుమో సరిచేయాల్సి వస్తుందనుకుంటే రోజుకు 9. టైలర్ రోజుకు బాగా చేయగలిగేది 6. అంటే రోజూ 3 మిగిలిపోతాయి. నాలుగో రోజు సాయంత్రానికి సంచిలో 12 ఉంటాయి, అవి రెండు రోజుల పని. కాబట్టి 4 రోజుల ముందు సాయంత్రం ఆల్టరేషన్ తీసుకోవడం ఆపితే, తర్వాతి రెండు రోజుల్లో పాతవన్నీ అయిపోతాయి. పండగ ముందు రోజు కేవలం అప్పగించడానికే ఉంటుంది. చార్టు మీద 4 దగ్గర ఎర్రగా రాయండి: "ఆల్టరేషన్ ఆఖరి రోజు".

ఇంటికి పంపే ఆర్డర్లకూ ఇలాగే. కొరియర్ వాళ్లు 3 రోజులు అంటే, పండగ రద్దీకి ఇంకో 2 రోజులు, మీరు ప్యాక్ చేయడానికి 1 రోజు కలపండి. 6 రోజుల ముందు ఆర్డర్లు ఆపేయాలి. ఆ తర్వాత అడిగినవాళ్లకు "షాపుకొచ్చి తీసుకెళ్లండి, మీ పేరు మీద పక్కన పెడతాం" అనండి. ఇది అమ్మకం పోగొట్టుకోవడం కాదు. పండగ వెళ్లాక చేరిన పార్సిల్ ఎలాగూ తిరిగొస్తుంది.

3. సరుకు తేదీకి వెసులుబాటు ఇచ్చి, పార్సిల్ విప్పాకే టీజర్ పెట్టండి

హోల్‌సేలర్ 35 రోజుల ముందు ఇస్తానన్నాడా? మీ చార్టు మీద 28 అని రాయండి. ఆ వారం మీ వెసులుబాటు. దాన్ని దేనికీ ముందే ఖర్చు పెట్టకండి.

ఇందులో నాకు తగిలిన దెబ్బ ఒకటుంది. నేను మొదటిసారి ఒక షాపుకు క్యాలెండర్ వేసిన ఏడాది, హోల్‌సేలర్ పంపిన ఫొటోల్లోంచి ఒక పసుపు గౌను తీసుకుని టీజర్ పెట్టించాను. పార్సిల్ దారిలో తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఆ తొమ్మిది రోజులూ అమ్మలు ఫోన్ తెరిచి ఆ గౌను చూపిస్తూ లోపలికి వచ్చారు. కౌంటర్లో అమ్మాయి "రేపు వస్తుందండీ" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చివరికి పార్సిల్ వచ్చింది కానీ అందులో పసుపు లేదు, నారింజ ఉంది. ఆ తర్వాత మేం పెట్టిన మెసేజ్‌లకు జవాబులు బాగా తగ్గిపోయాయి. సరుకు తర్వాత అమ్ముడైంది. మాట మీద నమ్మకం తిరిగి రావడానికి ఇంకో పండగ పట్టింది.

అప్పటి నుంచి నా నియమం ఇది: చేత్తో పట్టుకుని, మన షాపులో, మన ఫోన్‌తో తీసిన ఫొటో అయితేనే బయటికి పంపాలి. 28న పార్సిల్ విప్పండి. 27, 26 రోజుల్లో సైజుల వారీగా లెక్కపెట్టి, కుట్లు, జిప్పులు చూడండి. 25న పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. 21న టీజర్.

సరుకు 21కి కూడా రాకపోతే టీజర్ ఆపక్కర్లేదు. ఏ ఒక్క డిజైన్ ఫొటో పెట్టకుండా, ఏ రోజు షాపులో పెడుతున్నారో కూడా చెప్పకుండా, "ఏ వయసు పిల్లలకు కావాలి?" అని అడిగే మెసేజ్ మాత్రం పంపండి.

4. ఆఫర్ ప్రకటించకముందే తగ్గింపు లెక్క వేయండి

పండగ అంటే తగ్గింపు ఇవ్వాల్సిందే అనుకుంటారు. ఇచ్చేముందు చిన్న లెక్క చేయండి. ఒక జత అమ్మే ధర 100 అనుకుంటే కొన్నది 60కి. జతకు మిగిలేది 40.

10 శాతం తగ్గిస్తే మిగిలేది 30. ఇదివరకు 30 జతలు అమ్మితే వచ్చిన మిగులు రావాలంటే ఇప్పుడు 40 అమ్మాలి. 20 శాతం తగ్గిస్తే మిగిలేది 20, అంటే రెట్టింపు అమ్మాలి. 30 శాతం తగ్గిస్తే మిగిలేది 10, నాలుగు రెట్లు అమ్మాలి. మీ దగ్గర అసలు అన్ని జతలున్నాయా? మన షాపులో ఉన్నవే 240. పోయినసారి తగ్గింపు లేకుండానే 200 పోయాయి. అలాంటప్పుడు మొత్తం మీద 20 శాతం తగ్గింపు పెడితే, సరుకంతా ఖాళీ అయినా మిగులు తగ్గుతుంది: 200 జతల మీద 40 చొప్పున 8000, 240 జతల మీద 20 చొప్పున 4800.

దీనికి బదులు కొత్త సరుకును పూర్తి ధరకే ఉంచి, ఆల్టరేషన్ ఉచితంగా చేయండి, లేదా పాత కస్టమర్లకు రెండు రోజులు ముందు చూసుకునే వీలివ్వండి. పోయిన సీజన్‌లో మిగిలిన సరుకు మీద మాత్రం తగ్గింపు పెట్టుకోవచ్చు.

ఏది నిర్ణయించినా చార్టు అడుగున "ఈ సీజన్‌లో ఇంతకంటే తగ్గించం" అని రాసి పెట్టుకోండి. 14 రోజుల ముందు పూర్తి ధరకు కొన్న కస్టమరు, 5 రోజుల ముందు అదే జత తక్కువకు కనిపిస్తే ఊరుకోరు. వచ్చే పండగకు ముందుగా రారు, ఆఖరి వారం దాకా ఆగుతారు. మీ రద్దీ అంతా ఒకే వారంలోకి నెట్టుకున్నట్టవుతుంది.

ఇంకో హెచ్చరిక. ధర పెంచి రాసి, కొట్టేసి, పక్కన తక్కువ ధర వేయడం మానండి. చాలా దేశాల్లో అది మోసపూరిత ప్రకటన కింద లెక్క. యూరోపియన్ యూనియన్‌లోనైతే తగ్గింపు ప్రకటించేటప్పుడు అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరను చూపాలని నియమం ఉంది.

5. ఇప్పుడు మెసేజ్‌లు పెట్టండి, నాలుగు చాలు

పండగకు 21 రోజుల ముందు, టీజర్. టీజర్ అంటే ఊరించడమే అనుకుంటారు. నేను దాన్ని వివరాలు అడగడానికి వాడతాను. మన షాపుకైతే ఇలా:

"పండగకు పిల్లల కొత్త బట్టలు వచ్చాయండి. వచ్చే వారం షాపులో పెడుతున్నాం. మీ పిల్లల వయసు పంపితే ఆ సైజులో వచ్చినవి ముందు మీకే ఫొటోలు పంపుతాం. మెసేజ్‌లు వద్దనుకుంటే 'వద్దు' అని పంపండి చాలు."

జవాబు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్ తగిలించండి: "2-3", "4-5", "6-7", "8-10". ఈ పని విసుగనిపిస్తుంది, కానీ సీజన్ మధ్యలో మిమ్మల్ని కాపాడేది ఇదే. "వద్దు" అన్నవాళ్లను ఆ రోజే లిస్టులోంచి తీసేయండి. వాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేయడం, రిపోర్ట్ చేయడం పెరిగితే మీ నంబరు మీదే ఆంక్షలు పడొచ్చు. సరిగ్గా పండగ వారంలో నంబరు ఆగిపోతే చేయగలిగేది ఏమీ ఉండదు.

16 రోజుల ముందు, జవాబిచ్చిన పాత కస్టమర్లకు. వాళ్ల పిల్లల సైజులో ఉన్న మూడు నాలుగు ఫొటోలు మాత్రమే. "ఈ రెండు రోజులు మీకే, ఎల్లుండి నుంచి అందరికీ." టీజర్‌లో మాట ఇచ్చారు కాబట్టి దీన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి.

14 రోజుల ముందు, అందరికీ. బయట పోస్టర్, స్టేటస్, డబ్బు పెట్టే ప్రకటనలు ఈ రోజు నుంచి. ప్రకటనను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో వేసేటట్టయితే రెండు రోజుల ముందే పంపి ఉంచండి. వాళ్లు పరిశీలించి ఒప్పుకోవడానికి సాధారణంగా ఒక రోజు లోపే అవుతుంది, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. ఆ ప్రకటనల చోటు వేలం పద్ధతిలో నడుస్తుంది, అందరూ ఎగబడే ఆఖరి వారంలో ఖరీదవుతుంది. మీ డబ్బును 14 నుంచి 8 వరకు ఖర్చు పెట్టి ఆపేయండి. ఆఖరి వారం మీ పాత కస్టమర్లతోనే నడవాలి.

8 రోజుల ముందు, ఇంకా కొననివాళ్లకు. "ఆల్టరేషన్‌కు ఆఖరి రోజు ఫలానా. ఆ తర్వాత కొన్నవాటికి పండగ అయ్యాకే చేసివ్వగలం." ఇందులో అబద్ధపు తొందర లేదు, నిజమైన గడువే ఉంది, అందుకే పనిచేస్తుంది. అయితే కొనేసినవాళ్లకు ఇది వెళ్లకూడదు. ప్రతి బిల్లు మీద ఫోన్ నంబరు రాసే అలవాటు లేకపోతే ఎవరు కొన్నారో తెలియదు, కాబట్టి 16 నుంచే ఆ అలవాటు మొదలుపెట్టండి.

మెసేజ్ చేరిందో లేదో చూసుకోవడం

"400 మందికి పంపాను, ఎవరూ రాలేదు" అని చాలామంది అంటారు. చూస్తే సగం మందికి చేరనే లేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు రెండు హద్దులున్నాయి. ఒక్కో లిస్టులో 256 మందే పడతారు. పైగా మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళుతుంది. కాబట్టి 400 మందిని రెండు లిస్టులు చేయండి. టీజర్ పంపిన మర్నాడు ఆ మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, దాని వివరాల్లో ఎంతమందికి చేరిందో చూడండి. చేరనివాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లు షాపుకొచ్చినప్పుడు బిల్లు దగ్గరే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని అడగండి. మొదటి పండగకు చేరేవాళ్లు తక్కువగానే ఉంటారు. ఆ పని ఏడాది పొడుగునా జరగాలి.

6. రద్దీ రోజుల్లో రోజుకు పది నిమిషాలు

షాపు మూసేముందు రెండు పనులు. సైజుల వారీగా ఆ రోజు పోయినవి చార్టు మీద రాయడం. నోటుబుక్కు చూడడం. ఆ నోటుబుక్కులో రాసేది ఒక్కటే: కస్టమర్లు అడిగి, దొరక్క వెళ్లిపోయినవి. "6 ఏళ్ల అబ్బాయికి జేబులున్న ప్యాంటు, లేదు" అని ఒక్క వరుస చాలు. బిల్లులు కొన్నవాళ్ల గురించే చెబుతాయి, వెళ్లిపోయినవాళ్ల గురించి చెప్పేది ఈ పుస్తకమొక్కటే.

ఇప్పుడు 7 రోజుల ముందుకు వచ్చాం. చార్టు మీద రాసుకున్నది 125. అమ్మినవి 98. గుండె ఝల్లుమంటుంది, చేయి తగ్గింపు బోర్డు వైపు వెళుతుంది. ఆగి సైజులు చూడండి. ఒక్కో వయసుకు 60 జతల చొప్పున తెచ్చాం. 2-3 ఏళ్లవి 34 పోయాయి, 4-5వి 40, 6-7వి 17, 8-10వి 7. 125ను నాలుగు భాగాలు చేస్తే ఒక్కోదానికి 31. చిన్న సైజులు రెండూ లెక్కకన్నా ముందున్నాయి. వెనకబడింది పెద్ద సైజులే. మొత్తం మీద తగ్గింపు పెడితే ఎలాగూ పోయే చిన్న సైజుల మీద మిగులు పారేసుకున్నట్టే.

నోటుబుక్కు తెరిస్తే "జేబులు", "పొడుగు చేతులు" అని నాలుగైదు చోట్ల కనిపించింది అనుకుందాం. ఇక చేయాల్సింది ఇది. పెద్ద సైజుల్లో జేబులున్నవి, పొడుగు చేతులున్నవి విడిగా తీసి ఫొటోలు తీయండి. "6-7", "8-10" లేబుళ్లున్న కుటుంబాలకు మాత్రమే పంపండి. హోల్‌సేలర్‌ను అడిగి, మిగిలిన పెద్ద సైజుల్లో కొన్నిటిని చిన్న సైజులకు మార్చుకోవడం కుదురుతుందేమో చూడండి. రెండు రోజులు గడిచినా కదలకపోతే అప్పుడు ఆ రెండు సైజులకే ఏదైనా జోడించండి, ఉదాహరణకు రెండు జతలు తీసుకుంటే పాత సరుకులో ఒక చొక్కా. నాలుగో మెట్టులో రాసుకున్న తగ్గింపు హద్దు దాటకండి.

ఎప్పుడూ మరిచిపోకూడని పని ఒకటుంది. ఏదైనా సైజు అయిపోగానే దాని ఫొటో అన్నిచోట్లా తీసేయాలి. స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది. పోస్టరు, ప్రకటన పోవు. అయిపోయిన జత కోసం వచ్చినవాళ్లకు మీరు చెప్పే "లేదండీ" నా పసుపు గౌను కథలాంటిదే.

7. పండగ తర్వాత రెండు వారాలు

పండగ రోజు అమ్మే మెసేజ్ ఏదీ వద్దు. 1 నుంచి 3 రోజులు ఎక్స్‌ఛేంజ్‌కు వచ్చేవాళ్లే ఎక్కువ. ఒక మనిషిని దానికే కేటాయించండి. ఎందుకు మార్చుకుంటున్నారో బిల్లు వెనక రాయమనండి: చిన్నదైంది, రంగు పోయింది, ఇంకొకరు కూడా అదే తెచ్చారు. "చిన్నదైంది" ఒకే సైజులో పదిసార్లు వస్తే తప్పు కస్టమర్‌ది కాదు, ఆ కంపెనీ సైజు కొలతలది.

ఎక్స్‌ఛేంజ్ గడువును పండగ తర్వాత 10 రోజులు అని బిల్లు మీదే ముద్రించండి. మిగిలిన సరుకు తగ్గింపు అమ్మకం 11న మొదలుపెట్టండి, ముందు వద్దు. ముందే మొదలుపెడితే ఏమవుతుందో చూడండి: 100 పెట్టి కొన్న జత మార్చుకోవడానికి వచ్చిన తల్లికి, పక్క స్టాండు మీద అదే జత 70కి కనిపిస్తుంది. మిగతా 30 ఏదని అడుగుతుంది. ఆ మాటకు కౌంటర్లో అమ్మాయి దగ్గర జవాబుండదు.

4 నుంచి 7 రోజుల మధ్య ఫోన్లు చేయండి. అందరికీ కాదు. ఎక్స్‌ఛేంజ్‌కు వచ్చినవాళ్లకు, ఫిర్యాదు చేసినవాళ్లకు, మొదటిసారి కొన్నవాళ్లకు. మెసేజ్ కాదు, గొంతుతో మాట్లాడాలి. అడిగేవి రెండే: "సైజు సరిపోయిందా అండీ?", "ఉతికాక ఎలా ఉంది?" ఏదీ అమ్మబోకండి. మిగతావాళ్లకు పేరుతో ఒక చిన్న థాంక్స్ మెసేజ్ చాలు.

14న లెక్కలు చూసుకోండి. అందులో మెసేజ్‌లు నిజంగా పనిచేశాయా అనేది తేల్చుకోవడానికి ముందే ఒక చిన్న ఏర్పాటు చేసి ఉండాలి. 8 రోజుల ముందు మెసేజ్ పంపేటప్పుడు ఇంకా కొననివాళ్లు 300 మంది ఉన్నారనుకుందాం. లిస్టులో ప్రతి ఐదో పేరునూ వదిలేయండి. 240 మందికి వెళుతుంది, 60 మందికి వెళ్లదు. తర్వాత నాలుగు రోజుల్లో మెసేజ్ అందినవాళ్లలో 36 మంది కొన్నారు, అంటే 15 శాతం. అందనివాళ్లలో 6 మంది కొన్నారు, 10 శాతం. అంటే మెసేజ్ లేకపోయినా 240లో 24 మంది వచ్చేవాళ్లే. మెసేజ్ తెచ్చింది 36 మందిని కాదు, 12 మందిని. 60 మంది చిన్న గుంపు, ఇద్దరు అటూ ఇటూ అయినా శాతం మారిపోతుంది. అందుకని ఒక్క పండగతో తీర్పు చెప్పకుండా రెండు మూడు పండగలకు ఇలాగే చూడండి. అయినా "36 మంది వచ్చారు" అని మురిసిపోవడం కంటే ఇది నిజానికి దగ్గర.

మూడు వారాలే మిగిలి ఉంటే

ఇది చదువుతుండగానే పండగ 20 రోజుల్లో ఉంటే, టీజర్‌నూ పాత కస్టమర్ల మెసేజ్‌నూ కలిపి ఒకటే చేసి, సరుకు చేతిలో ఉందని చూసుకుని 16న పంపండి. డబ్బు పెట్టే ప్రకటనలు ఈసారికి మానేయండి. రెండో మెట్టును మాత్రం వదలకండి, ఆల్టరేషన్, డెలివరీ ఆఖరి రోజులు ఈ సాయంత్రమే లెక్కవేసి గోడకు అంటించండి. ఐదో పేరు వదిలే ఏర్పాటు, సైజుల లెక్క, నోటుబుక్కు, ఈ మూడింటికీ ఖర్చు లేదు, సమయం కూడా పెద్దగా పట్టదు, కాబట్టి అవి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

సీజన్ అయ్యాక చార్టును చింపి పారేయకండి. దాని మీద పెన్సిల్‌తో కొట్టేసిన తేదీల పక్కన ఎందుకు మారాయో రెండు మాటలు రాసి ("పార్సిల్ 3 రోజులు ఆలస్యం", "టైలర్‌కు జ్వరం") చుట్టచుట్టి, ఆ ఏడాది బిల్లుల పెట్టెలోనే పెట్టండి. వచ్చే పండగకు 42 రోజుల ముందు మీరు మొదట తీయాల్సింది అదే.